పుట్టినరోజు పండగ... పద్దు దాటకుండా!

పాపకో బాబుకో పుట్టినరోజు దగ్గర పడుతోందంటే ఇంట్లో సందడి నెల ముందే మొదలవుతుంది. కేకు ఏ బొమ్మ ఆకారంలో ఉండాలి, గౌను ఏ రంగుదవ్వాలి, ఎవరెవర్ని పిలవాలి అని పిల్లలు రోజుకో కోరిక కోరుతుంటారు. ఎదురింటివాళ్లు కిందటి నెల హాలు తీసుకుని చేశారు కదా, మనం ఇంట్లో చేస్తే ఏమనుకుంటారో అన్న బెరుకు పెద్దవాళ్లది. ఈ రెండింటి మధ్యా ఇరుక్కుని, పది వేలనుకున్న ఖర్చు పాతిక వేలకు చేరి, మరుసటి నెల పాలవాడికీ స్కూలు ఫీజుకూ తడుముకునే ఇల్లాళ్లు మనలో తక్కువమందేమీ కాదు.

ఇంతకీ డబ్బు ఎక్కడ జారిపోతుంది? కేకు దగ్గరో బెలూన్ల దగ్గరో అనుకుంటాం. నిజానికి జారేది తలల లెక్క దగ్గర. ఎంతమంది వస్తున్నారో తెలియకుండా హాలు, భోజనాలు, కానుకలు మాట్లాడేసుకోవడం వల్లే పద్దు తప్పుతుంది. కనుక అలంకరణ గురించి ఆలోచించే ముందు ఓ తెల్ల కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చోండి.

ఓ ఇంటి లెక్క చూద్దాం

ఉదాహరణకు, అయిదో పుట్టినరోజు జరుపుకోబోయే ఓ పాప ఉందనుకుందాం. ఆ ఇల్లాలు నెలకు 900 రూపాయలు చొప్పున ఏడాది పొడుగునా విడిగా దాచింది. అంటే చేతిలో ఉన్నది 10,800 రూపాయలు. అందులో వెయ్యి రూపాయలు ముందే తీసి ఓ కవరులో పెట్టి అంటించేసింది. అది అనుకోని ఖర్చుకి. మిగిలిన 9,800 రూపాయల్లోనే పండగంతా జరగాలి. ఇక్కడ రాసిన ధరలు లెక్క తెలియడానికి వేసుకున్నవి. మీ ఊళ్లో ఓ వారం ముందు నాలుగు చోట్ల అడిగి, మీ అంకెలు వేసుకోండి. లెక్క కట్టే పద్ధతి మాత్రం ఇదే.

ముందు తలలు లెక్కపెట్టండి

పిల్లల పేర్లు ఓ పక్క, పెద్దల పేర్లు ఓ పక్క రాయండి. మన ఉదాహరణలో పిల్లలు 15 మంది, పెద్దలు 20 మంది. అయిదేళ్ల పిల్లలు ఒంటరిగా రారు, వెంట తల్లో అమ్మమ్మో వస్తుంది. పెద్దల లెక్కలో వాళ్లను కూడా కలపాలి. చాలామంది తప్పేది ఇక్కడే. 'పదిహేను మంది పిల్లలే కదా' అనుకుని ఇరవై ప్లేట్లు చెబుతారు. తీరా వచ్చేది ముప్పై అయిదుగురు!

ఇంకొక్క పిల్లను పిలిస్తే ఎంతవుతుందో కూడా తెలిసి ఉండాలి. మన లెక్కలో ఒక పిల్లకి కానుక 100, కేకు సుమారు 42, టిఫిను 69, టోపీ 15. అంటే దాదాపు 226 రూపాయలు. వెంట వచ్చే తల్లికి కేకు, టిఫిను, తాంబూలం కలిపి మరో 110. 'పోనీలెద్దూ, ఇంకో అయిదుగుర్ని పిలుద్దాం' అంటే అక్కడికక్కడే దాదాపు 1,700 రూపాయల మాట. ఈ అంకె కాగితం మీద కనబడితే, ఎవరిని పిలవాలో తేల్చుకోవడం సులువవుతుంది. తరగతి మొత్తాన్నీ పిలవలేకపోతే స్కూల్లో అందరికీ చాక్లెట్లు పంచి, రోజూ ఆడుకునే ఏడెనిమిది మందినే ఇంటికి పిలవండి. ఎవరూ నొచ్చుకోరు.

వాట్సాప్‌లో పిలుపు పంపిస్తే 'ఎవరెవరు వస్తారో గురువారంలోగా చెప్పండి' అని ఓ ముక్క రాయండి. జవాబు రానివాళ్లకు శుక్రవారం మీరే ఫోను చేయండి. తమ్ముడినీ చెల్లినీ కూడా తీసుకొస్తున్నారా అని నవ్వుతూ అడిగేయండి. అడగడానికి మొహమాటపడితే, ఆ రోజు కానుక చాలని పిల్ల ఏడుపు చూడాల్సి వస్తుంది.

వేళ పెట్టడంలోనే సగం పొదుపు

పిలుపులో రాసే వేళ కూడా పద్దులో ఓ భాగమే. సాయంత్రం ఏడున్నరకి రమ్మంటే వచ్చినవాళ్లందరికీ రాత్రి భోజనం పెట్టి తీరాలి. ఆదివారం అయిదు నుంచి ఏడు వరకూ అని రాస్తే చక్కటి టిఫినుతో సరిపోతుంది. మధ్యాహ్నం తిన్నది అరుగుతుంది, రాత్రి వంట వాళ్ల ఇళ్లలోనే ఉంటుంది. ముగిసే వేళ కూడా తప్పక రాయండి. రెండు గంటలు దాటితే చిన్నపిల్లలు అలిసిపోయి పేచీలు మొదలెడతారు.

ఇల్లా, మేడా, హాలా?

పదిహేను మంది పిల్లలుంటే రెండు గదుల ఇల్లు ఇరుకే. అపార్టుమెంటువాళ్లయితే కింద ఉన్న సంఘం గదినో, మేడనో అడగండి. మన ఇల్లాలు సంఘానికి 500, ఊడ్చి శుభ్రం చేసినందుకు వాచ్‌మన్ దంపతులకు 200, పదిహేను కుర్చీలూ రెండు బల్లల అద్దెకు 300 ఇచ్చింది. మొత్తం 1,000. మేడ మీద చేస్తే మూడు సంగతులు చూసుకోండి. పిట్టగోడ పిల్లల భుజాలకన్నా ఎత్తుగా ఉండాలి, చీకటి పడేసరికి దీపం ఉండాలి, వాన వస్తే దిగడానికి కింద చోటు ఉండాలి. ఎండాకాలంలో అయిదింటికి కూడా మేడ కాలుతూనే ఉంటుంది. అప్పుడు ఆరింటికి పిలవడమే మేలు.

హాలే కావాలనుకుంటే, అద్దె ఒక్కటే విని సరేననకండి. 'మూడు వేలేనండీ' అంటారు. ఆ తర్వాత కరెంటుకీ, జనరేటరుకీ, శుభ్రం చేయడానికీ, మైకుకీ వేరే వేరే రాస్తారు. ఎన్ని గంటలకు ఇస్తారు, గంట దాటితే ఎంత, బయటి నుంచి కేకు, తినుబండారాలు తెచ్చుకోనిస్తారా, ముందు కట్టిన డిపాజిట్ ఎప్పుడు తిరిగిస్తారు, పన్ను కలిపి చెబుతున్నారా అన్నవి అడిగి కాగితం మీద రాయించుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, కనీసం ఇన్ని ప్లేట్లకు డబ్బు కట్టాలన్న షరతు ఉందేమో కనుక్కోవడం. ప్లేటు 180 చొప్పున కనీసం యాభై ప్లేట్లన్నారనుకోండి. మీకు వచ్చేది ముప్పై అయిదుగురే అయినా కట్టేది 9,000. మన ఇల్లాలి బడ్జెట్ దాదాపు అంతా దానికే సరి!

తిండి: రకాలు తక్కువ, రుచి ఎక్కువ

పిల్లలు పండగనాడు ఆటల ధ్యాసలో పెద్దగా తినరు. ఆరు రకాలు పెడితే అన్నీ కొరికి వదిలేస్తారు. ఒక కారం, ఒక అన్నం, ఒక తీపి, నమలడానికి కాసిని చిప్స్, పండు ముక్కలు ఉంటే చాలు.

కేకు దగ్గర మొదలుపెడదాం. బేకరీవాళ్లు 'ముప్పై అయిదుగురా? మూడు కిలోలు తీసుకోండి' అంటారు. పిల్లకి 60 గ్రాములు, పెద్దవాళ్లకి 30 గ్రాముల ముక్క చొప్పున లెక్క కట్టండి. పిల్లలకు 900 గ్రాములు, పెద్దలకు 600 గ్రాములు. కిలోన్నర సరిగ్గా సరిపోతుంది. కిలో 700 చొప్పున 1,050 రూపాయలు. బొమ్మలు చెక్కిన కేకుకి కిలోకి ఎక్కువ తీసుకుంటారు. మామూలు గుండ్రటి కేకు తీసుకుని, పాప ఇష్టపడే చిన్న బొమ్మను శుభ్రంగా కడిగి పైన నిలబెట్టండి. ఫొటోలో అందంగా ఉంటుంది, ఆ తర్వాత ఆడుకోవడానికీ పనికొస్తుంది. కేకు కోయడం మీరే మొదలుపెట్టి పెద్దలకు చిన్న ముక్కలు వేయండి. ఎవరికివారు కోసుకుంటే కిలోన్నర సగం మందికే అయిపోతుంది.

అన్నానికి పులిహోరను మించింది లేదు. ముందే చేసి పెట్టుకోవచ్చు, చల్లారినా రుచి తగ్గదు, ఊరిన కొద్దీ ఇంకా బావుంటుంది. ముప్పై అయిదుగురికి టిఫిను పాళ్లలో రెండు కిలోల బియ్యం చాలు. దానికి 300 గ్రాముల చింతపండు, 300 గ్రాముల నూనె, 200 గ్రాముల వేరుశనగ గుళ్లు, పోపు దినుసులు, కరివేపాకు, పచ్చిమిర్చి తీసుకోండి. పులుసు ముందురోజు రాత్రే చిక్కగా ఉడికించి పెట్టుకోండి. పండగ రోజు మధ్యాహ్నం అన్నం పలుకుగా వండి, వెడల్పాటి పళ్లెంలో ఆరబెట్టి, పసుపు, కాస్త నూనె వేసి కలిపి, చల్లారాక పులుసు పట్టించండి. పిల్లలున్నారు కనుక పచ్చిమిర్చిని నిలువుగా చీరి వేయండి, ఏరి పక్కన పెట్టడం సులువు. ఇదంతా కలిపి 400 రూపాయల్లో అయిపోతుంది.

సమోసాలు ఇంట్లో చేయాలని కూర్చోకండి. ఆ రోజు పొయ్యి దగ్గరే ఉండిపోతే మీరు ఫొటోల్లోనే కనబడరు. మిఠాయి కొట్టులో చిన్న సైజువి అరవై చెప్పండి. ఎనిమిదేసి రూపాయల లెక్కన 480. మీరు చెప్పిన వేళకు పావుగంట ముందు వేయించి ఇమ్మనండి. ఉదయం వేయించినవైతే సాయంత్రానికి మెత్తబడి, పైపొర తోలులా సాగుతుంది.

పుట్టినరోజు నాడు ఇంట్లో పాయసం వండటం మనకు ఉన్నదే. రెండు లీటర్ల పాలు, 400 గ్రాముల సేమియా, పంచదార, జీడిపప్పు కలిపి 400 రూపాయల్లో ముప్పై అయిదు చిన్న కప్పులు వస్తుంది. చల్లారితే బిగుస్తుంది కనుక వడ్డించే ముందు కాసిని వేడి పాలు పోసి కలపండి. చిప్స్, అరటి, జామ ముక్కలకు 350. ఇంట్లో కలిపిన నిమ్మరసమో పళ్లరసమో 300. మంచినీళ్ల డబ్బాలు రెండు, 80 రూపాయలు.

ప్లేట్లు, కప్పుల గురించి ఓ మాట. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం. అలంకరణకు వాడే థర్మోకోల్, బెలూన్లకు గుచ్చే ప్లాస్టిక్ పుల్లలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. కొట్లో ఇంకా దొరుకుతున్నాయని కొనేయకండి. విస్తరాకు ప్లేట్లు, కాగితం కప్పులు, చేతులు తుడుచుకునే కాగితాలు కలిపి 400 అవుతాయి. స్టీలు గ్లాసులు ఇరుగు పొరుగుల నుంచి తెచ్చుకుంటే ఇందులోనూ కొంత మిగులుతుంది.

ఇలా తిండికి మొత్తం 3,460 రూపాయలు. పెద్ద ఖర్చు ఇదే, పొదుపు చేయడానికి ఎక్కువ వీలున్నదీ ఇక్కడే.

తిరుగు కానుకలు

రిటన్ గిఫ్ట్ అనేది ఒకరిని చూసి ఒకరం పెంచుకుంటూ పోయే ఖర్చు. కిందటిసారి వాళ్లు 200 పెట్టారు కాబట్టి మనం 250 పెట్టాలి అనుకుంటే దానికి అంతుండదు. ముందే ఒక్కో కానుకకు 100 రూపాయలని గీత గీసుకోండి. పదిహేను మందికి పదిహేనే కొనకండి. చెప్పకుండా వచ్చే తమ్ముళ్లూ చెల్లెళ్ల కోసం మరో మూడు కలిపి 18 కొనండి. 1,800 అవుతుంది. మిగిలిన మూడూ పక్క నెల మరో ఇంటి పుట్టినరోజుకి పనికొస్తాయి.

అందరికీ ఒకే వస్తువు, వీలైతే ఒకే రంగుది ఇవ్వండి. మగపిల్లలకి కారు, ఆడపిల్లలకి బొమ్మ అని వేరు చేస్తే, 'నాక్కూడా కారే కావాలి' అన్న గొడవ గుమ్మం దగ్గరే మొదలవుతుంది. రంగు పెన్సిళ్లూ బొమ్మల పుస్తకం కలిపి ఒక పొట్లం, స్కూలుకి తీసుకెళ్లే మంచినీళ్ల సీసా, చిన్న తెలుగు కథల పుస్తకాలు రెండు... వీటిలో ఏదైనా మర్నాటికి మూలపడదు. టోకు కొట్లో డజను లెక్కన అడిగితే ధర తగ్గుతుంది. అయితే కొన్నాక ఒక్కోటీ తెరిచి చూసుకోండి. మూత సరిగా పట్టని సీసాలు, విరిగిన పెన్సిళ్లు టోకు పెట్టెల్లో మామూలే. మూడేళ్ల లోపు పిల్లలు వస్తుంటే గోలీలు, పూసలు, ఊడివచ్చే చిన్న ముక్కలున్న బొమ్మలు వద్దు. నోట్లో పెట్టుకుంటారు.

వచ్చిన ఆడవాళ్లకు బొట్టు పెట్టి రెండు అరటిపళ్లు, ఆకూ వక్కా ఇస్తే ఎంతో మర్యాద. పన్నెండు మందికి 240 రూపాయలు. కానుకల పద్దు మొత్తం 2,040.

అలంకరణ: ఒక్క గోడ చాలు

గది నాలుగు గోడలూ నింపనక్కర్లేదు. ఫొటోల్లో పడేది కేకు బల్ల వెనకాల ఉన్న గోడ ఒక్కటే. ఆరడుగుల వెడల్పున దాన్ని ముస్తాబు చేస్తే గదంతా ముస్తాబైనట్టే. పాత పట్టు చీరో, జరీ అంచు దుపట్టానో వెనక తెరగా కట్టి, పైన కాగితం అక్షరాల తోరణం, రెండు పక్కలా బెలూన్ల గుత్తులు, అంచున బంతిపూలు పెట్టండి. బెలూన్లకు 200, గాలి కొట్టే చేతి పంపుకి 100, అక్షరాలకు 100, రంగు కాగితాలకు 150, టోపీలకు 225, కొవ్వొత్తులూ దారం టేపులకు 75, పూలకు 50. మొత్తం 900. పంపును, అక్షరాలను దాచి పెట్టుకుంటే వచ్చే ఏటికి ఆ ఖర్చుండదు.

బెలూన్లు ఉదయమే ఊది ఎండ తగిలే చోట పెడితే మధ్యాహ్నానికి టపటపా పేలిపోతాయి. రెండు మూడు గంటల ముందు, నీడలో, కాస్త తక్కువ గాలితో ఊదండి. పేలిపోయిన ముక్కలు వెంటనే ఏరేయాలి. చిన్నపిల్లల గొంతులో అడ్డుపడితే ప్రాణం మీదికొస్తుంది. గాలిలో తేలే బెలూన్లు తెచ్చేటప్పుడు ఏ గ్యాసు నింపాడో అడగండి. బండి మీద అమ్మేవాళ్లు హైడ్రోజన్ నింపడం కద్దు, అది కొవ్వొత్తి సెగకే భగ్గుమంటుంది. మంచులా చిమ్మే స్ప్రే కూడా అంతే, వెలిగే కొవ్వొత్తి దగ్గర చిమ్మితే మంట అంటుకుంటుంది. ఈ రెండూ మానేస్తే డబ్బూ మిగులుతుంది, భయమూ ఉండదు.

ఆటలకి మనిషిని పిలవనక్కర్లేదు. కుర్చీలాట, పొట్లం చేతులు మార్చే ఆట, కళ్లకు గంతలు కట్టి బొమ్మకి తోక అంటించడం చాలు. పిన్నో బాబాయో ఒకరు ఆ బాధ్యత తీసుకోవాలి. చిన్న బహుమతులకు 200 పెట్టుకోండి.

పద్దులో రాయని ఖర్చులు

'అన్నీ లెక్కేశాను, అయినా రెండు వేలు ఎక్కువైంది' అంటుంటారు. ఆ రెండు వేలూ ఎక్కడివో తెలుసా? పాప గౌను 1,500. తరగతిలో పంచే చాక్లెట్లు 250. గుళ్లో అర్చన, పూలు 150. ఆటోలు, ఇంటికి తెచ్చిచ్చినందుకు కూలి 300. మొత్తం 2,200. ఇవి పార్టీ ఖర్చు కాదనుకుని రాయం. కానీ వెళ్లేది అదే సంచీలోంచి. వీటిని ముందే రాసేస్తే మన ఇల్లాలి పద్దు 9,800 దగ్గర సరిగ్గా ఆగుతుంది.

ఈ రోజుల్లో మరో చిక్కు, ఫోను నొక్కి కట్టేసే డబ్బు. నోటు చేతిలోంచి పోతే తెలుస్తుంది, ఫోనులోంచి పోతే తెలియదు. పండగ డబ్బును అయిదారు కవర్లలో పెట్టి, పైన 'తిండి', 'కానుకలు', 'అలంకరణ' అని రాసి వాడండి. లేదా ఫోనుతో కట్టిన ప్రతిసారీ కాగితం మీద ఆ వరుసలో కొట్టేయండి. ఓ కవరు ఖాళీ అయితే మరో కవరులోంచి తీయాలే గాని, ఇంటి ఖర్చులోంచి కాదు.

పండగైపోయిన మర్నాడు ఆ కాగితం పారేయకండి. ఎన్ని సమోసాలు మిగిలాయి, పులిహోర చాలిందా, కానుకలు ఎన్ని మిగిలాయి అన్నది దాని వెనకాలే రాసి, పంపుతో, కాగితం అక్షరాలతో కలిపి ఒకే డబ్బాలో పెట్టండి. వచ్చే ఏడు లెక్క మొదలుపెట్టేటప్పుడు ముందుగా తెరవాల్సింది ఆ డబ్బానే.